ఫీజు లేదంటే ఖర్చు లేదనేనా? షార్జా నుంచి ఇంటికి డబ్బు పంపే లెక్క

ప్రశ్న: అన్నా, నేను షార్జాలో ఏసీ మెకానిక్‌ని. మాది జగిత్యాల దగ్గర ఊరు. నెలకు 1,500 దిర్హాములు ఇంటికి పంపుతాను. ఐదేళ్లుగా ఎక్స్ఛేంజ్ కౌంటర్‌లోనే పంపుతున్నాను. రూమ్‌లో ఒకతను ఫీజే లేని యాప్ ఉందంటాడు. ఇంకొకతను ఆ యాప్‌లో రేటు తక్కువ, మోసపోతావు అంటాడు. ఇవి కాక ఇంటి స్లాబ్ కోసం 20,000 దిర్హాములు పోగేసి పెట్టాను. అవి బ్యాంకు నుంచి పంపితే మంచిదా? రేటు పెరిగేదాకా ఆగాలా? నెలనెలా కాకుండా రెండు మూడు నెలలవి కలిపి పంపితే మేలా? వచ్చేటప్పుడు చేసిన అప్పు ఇంకా లక్షన్నర ఉంది, రెండు రూపాయల వడ్డీ.

సమాధానం: తమ్ముడూ, నీ రూమ్‌లో ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు నీ నెల డబ్బు గురించి చెబుతున్నారు, ఇంకొకరు నీ స్లాబ్ డబ్బు గురించి. ఆ సంగతి వాళ్లకీ తెలిసుండదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. పక్కన కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ పెట్టుకో.

డబ్బు పంపే ఎవరైనా నీ దగ్గర రెండు చోట్ల తీసుకుంటారు. ఒకటి ఫీజు. రసీదు మీద కనబడుతుంది. రెండోది రేటులో కోత. అది ఏ రసీదు మీదా రాయరు. వాళ్లకు మార్కెట్లో దిర్హాముకు 24 రూపాయలు వస్తే నీకు 23.70 ఇస్తారు. మిగిలిన ముప్పై పైసలు వాళ్లవి. మార్జిన్ అంటే ఇదే. ఫీజు లేదని బోర్డు పెట్టినవాళ్లు కూడా ఊరికే పనిచేయరు కదా, వాళ్లకు బతుకుదెరువు అక్కడే.

అందుకని ముందు మార్కెట్ రేటు ఎంతో తెలియాలి. ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్లకు దీనికి ఒక సులువు ఉంది. 1997 నుంచి ఒక డాలర్‌కు 3.6725 దిర్హాములని అక్కడి ప్రభుత్వం కట్టేసి ఉంచింది. రూపాయి పెరిగినా తగ్గినా ఆ ముడి కదలదు. కాబట్టి డాలర్‌కు ఎన్ని రూపాయలో చూసి 3.6725తో భాగిస్తే దిర్హాము అసలు ధర తేలిపోతుంది. డాలర్ 88.14 రూపాయలు ఉందనుకుందాం. భాగిస్తే సరిగ్గా 24.00 వస్తుంది. సౌదీలో ఉన్న మన వాళ్లు 3.75తో, ఖతార్‌లో ఉన్నవాళ్లు 3.64తో భాగించాలి. కువైట్‌లో మాత్రం ఇది కుదరదు. అక్కడి దినారును ఒక్క డాలర్‌కే కాకుండా కొన్ని కరెన్సీల బుట్టకు కట్టారు. వాళ్లు దినారు రేటే నేరుగా చూసుకోవాలి.

కింద నేను వాడే రేట్లు, ఫీజులు ఉదాహరణ కోసం తీసుకున్నవి. నువ్వు చదివే రోజున వేరుగా ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

కౌంటర్‌లో ఫీజు 23 దిర్హాములు అనుకో. ఎమిరేట్స్‌లో 2018 నుంచి ఫీజు మీద 5 శాతం వ్యాట్ ఉంది కాబట్టి మొత్తం 24.15 అవుతుంది. కౌంటర్ బోర్డు మీద రేటు 23.92. యాప్‌లో ఫీజు సున్నా, రేటు 23.70.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కౌంటర్‌లో 1,500 పంపి, ఫీజు 24.15 వేరేగా జేబులోంచి ఇస్తారు. ఇంటికి వెళ్లాక రూపాయలు మాత్రమే పోలుస్తారు. అప్పుడు కౌంటర్ ఎప్పుడూ గెలిచినట్టే కనబడుతుంది, ఎందుకంటే అక్కడ జేబులోంచి ఎక్కువ పోయింది. పోల్చాలంటే జేబులోంచి పోయేది రెండు చోట్లా ఒకటే ఉండాలి, అటువైపు ఎన్ని రూపాయలు పడ్డాయన్నదే చూడాలి. నీ చేతిలో 1,500 ఉన్నాయి, ఫీజు కూడా అందులోంచే పోవాలి.

కౌంటర్‌లో 1,500 లోంచి 24.15 తీస్తే 1,475.85. దాన్ని 23.92తో గుణిస్తే 35,302 రూపాయలు. యాప్‌లో 1,500ను 23.70తో గుణిస్తే 35,550 రూపాయలు. మార్కెట్ రేటు ప్రకారం నీ 1,500 విలువ 36,000. అంటే కౌంటర్ నీ దగ్గర 698 రూపాయలు తీసుకుంది, యాప్ 450 తీసుకుంది. రేటు తక్కువని రూమ్‌లో వెక్కిరించిన యాప్‌లోనే నెలకు 248 రూపాయలు ఎక్కువ పడ్డాయి, ఏడాదికి దాదాపు మూడు వేలు. కౌంటర్‌కు వెళ్లిరావడానికి బస్సు ఖర్చు, ఏటీఎంలో జీతం తీసినప్పుడు పట్టుకునే దిర్హాములు నేను ఇందులో కలపలేదు. నీకు అవి ఉంటే అవీ కలుపు.

ఇప్పుడు స్లాబ్ డబ్బు. కౌంటర్‌లో 20,000 లోంచి అదే 24.15 తీస్తే 19,975.85. దానికి 4,77,822 రూపాయలు వస్తాయి. యాప్‌లో 4,74,000 వస్తాయి. ఈసారి కౌంటర్‌లో 3,822 రూపాయలు ఎక్కువ. ఫీజు ఎంత పంపినా అంతే ఉంటుంది, మార్జిన్ మాత్రం పంపే ప్రతి దిర్హాము మీదా పడుతుంది. చిన్న మొత్తానికి ఫీజు బరువు, పెద్ద మొత్తానికి మార్జిన్ బరువు.

మరి ఎంత దగ్గర లెక్క తిరగబడుతుంది? దానికో చిన్న సూత్రం ఉంది.

```
మలుపు మొత్తం = ఫీజు × ఫీజున్న చోటి రేటు ÷ రెండు రేట్ల తేడా
             = 24.15 × 23.92 ÷ 0.22
             = 2,626 దిర్హాములు
```

ఈ రేట్లున్న రోజున 2,626 దిర్హాముల లోపు పంపితే యాప్ మంచిది, దాటితే కౌంటర్ మంచిది. రేట్ల తేడా 22 పైసల నుంచి 10 పైసలకు తగ్గిందనుకో, మలుపు 5,777కి పోతుంది. ఫీజు తగ్గితే కిందికి దిగుతుంది. అందుకే ఫలానా కంపెనీయే మంచిదని నేను పేరు చెప్పను. అల్ అన్సారీ అయినా లులు అయినా ఇంకొకరైనా, రేటు రోజులో రెండు మూడుసార్లు మారుతుంది, ఫీజులు కూడా ఏడాదికోసారి మారిపోవచ్చు. ఆ రోజు, ఆ ఐదు నిమిషాల్లో మూడు చోట్ల చూసి ఈ తీసివేత, గుణకారం చేసుకోవడమే దారి. పొద్దున కౌంటర్ రేటు, సాయంత్రం యాప్ రేటు పోలిస్తే అది పోలిక కాదు.

ప్రపంచ బ్యాంకు కూడా దేశాల మధ్య డబ్బు పంపే ఖర్చును ఇలాగే, ఫీజు, మార్జిన్ రెండూ కలిపి శాతంలో లెక్కిస్తుంది. 2030 నాటికి సగటున 3 శాతానికి తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. పై లెక్కలో నీ 1,500కి యాప్‌లో పోయింది 1.25 శాతం, కౌంటర్‌లో 1.94 శాతం. 20,000కి కౌంటర్‌లో 0.45 శాతమే. గల్ఫ్ నుంచి ఇండియాకు పోటీ ఎక్కువ కాబట్టి మన దారి చవకే. ఎవరైనా నీ దగ్గర 3 శాతం తీసుకుంటుంటే అక్కడ ఏదో తేడా ఉందని అర్థం.

యాప్ గురించి ఒక జాగ్రత్త. నేను దుబాయ్‌లో ఉన్న రోజుల్లో ఒక యాప్ మొదటిసారి పంపినప్పుడు మార్కెట్ రేటు కంటే కూడా ఎక్కువ ఇచ్చింది. నేను సంతోషపడి క్యాంపులో పదిమందికి చెప్పాను. రెండో నెల పంపబోతే రేటు ముప్పై పైసలు పడిపోయింది. మొదటిది కొత్త కస్టమర్‌కు ఇచ్చే ఎర అని అప్పుడు తెలిసింది. ఆ మాట కింద చిన్న అక్షరాల్లో ఉందట. నేను చెప్పినందుకు ఆ పదిమందిలో ఇద్దరు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు. కాబట్టి మొదటిసారి వచ్చిన రేటును పక్కన పెట్టి, రెండోసారి చూపించే రేటుతోనే లెక్క వేయి. ఇంకోటి, యాప్ తెరవగానే పైన కనబడే రేటును నమ్మవద్దు. మొత్తం టైప్ చేసి, ఇంటి ఖాతా ఎంచుకుని, చివరి బటన్ నొక్కే ముందు తెర మీద "ఇన్ని రూపాయలు చేరతాయి" అని వస్తుంది. ఆ అంకె ఒక్కటే నీకు పనికొచ్చేది. దాన్ని నీ 1,500తో భాగిస్తే ఫీజు కూడా కలిసిన నిజమైన రేటు వస్తుంది. పై ఉదాహరణలో కౌంటర్ బోర్డు మీద 23.92 ఉన్నా, 1,500 పంపినవాడికి నిజంగా పడిన రేటు 23.53 మాత్రమే. ఆ ఒక్క అంకె పట్టుకుంటే ఎవరినైనా ఎవరితోనైనా పోల్చవచ్చు.

బ్యాంకు నుంచి పంపడం అంటే ఒకటే పని కాదు, రెండు రకాలు. కొన్ని బ్యాంకులు తమ యాప్‌లో నేరుగా రూపాయల్లో పంపిస్తాయి. అక్కడే దిర్హాములను రూపాయలుగా మార్చేస్తారు, ఇంటి ఖాతాలో రూపాయలే పడతాయి. ఇది కూడా పైన చెప్పిన యాప్ లాంటిదే, అదే లెక్క సరిపోతుంది. ఎక్స్ఛేంజ్ కౌంటర్లు కూడా ఎక్కువగా ఇలాగే, మన బ్యాంకులతో ముందే ఉన్న ఒప్పందం మీద రూపాయల్లో పంపుతాయి.

రెండో రకం స్విఫ్ట్. నువ్వు బ్యాంకులో ఫారం నింపి డాలర్లలో పంపితే జరిగేది ఇది. ముందు నీ బ్యాంకు దిర్హాములను డాలర్లు చేస్తుంది. ముడి 3.6725 అయినా నీకు 3.69 లెక్కన ఇవ్వవచ్చు. తన ఫీజు 50, వ్యాట్‌తో 52.50 తీసుకుంటుంది అనుకో. మధ్యలో ఇంకో బ్యాంకు దారి ఖర్చుగా 20 డాలర్లు కోసుకోవచ్చు. చివరికి ఇండియాలో మీ బ్యాంకు ఆ డాలర్లను తన రేటుకు, ఉదాహరణకు 87.70కి కొంటుంది. ఇలా మన వైపు డాలర్లను మార్చినందుకు జీఎస్టీ కూడా పడుతుంది. లక్ష వరకు అది నూటికి 18 పైసలు, కనీసం 45 రూపాయలు. లక్ష దాటాక మొదటి లక్షకు 180 రూపాయలు, ఆపైన ఉన్నదానికి నూటికి 9 పైసలు. అన్నీ తీసేస్తే నీ 20,000కి చేతికొచ్చేది సుమారు 4,71,800 రూపాయలు. కౌంటర్ కంటే ఆరు వేలు తక్కువ, ఫీజు లేని యాప్ కంటే కూడా రెండు వేలు తక్కువ. ఇందులో ఎవరూ మోసం చేయలేదు. నాలుగు చేతులు మారింది, నలుగురూ తలా కాస్త తీసుకున్నారు. పైగా పంపేటప్పుడు చివరికి ఎన్ని రూపాయలు పడతాయో నీ బ్యాంకు కూడా చెప్పలేదు. ఆ అంకె ముందే చెప్పలేని దారిని కూలి డబ్బుకు వాడవద్దు. బ్యాంకులో అడిగేటప్పుడు "ఇది రూపాయల్లో పోతుందా, డాలర్లలో పోతుందా" అని అడిగితే చాలు.

ఇప్పుడు రేటు పెరిగేదాకా ఆగడం. నీ ఉత్తరంలో చివరి వాక్యం లేకపోతే నేను రెండు మాటలు అటూ ఇటూ చెప్పి ఉండేవాణ్ని. రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర అంటే నెలకు మూడు వేలు. ఏడాదికి 36,000, అంటే నువ్వు నెలంతా దాచి పంపే మొత్తం. నీ 20,000 దిర్హాముల మీద మూడు వేలు రావాలంటే దిర్హాము నెలకు 15 పైసలు పెరగాలి. అంత పెరిగితేనే వడ్డీకి సరితూగుతుంది, లాభం మొదలయ్యేది ఆ తర్వాతే. మరుసటి నెల ఇంకో 15 పైసలు పెరగాలి. డాలర్‌తో చెబితే నెలకు 55 పైసలు. రూపాయి ఒక్కోసారి అలా పడుతుంది, ఒక్కోసారి అటు తిరుగుతుంది. అది ఎటు పోతుందో కౌంటర్‌లో కూర్చున్నవాడికీ తెలియదు, పేపర్లో రాసేవాడికీ తెలియదు. వడ్డీ మాత్రం ప్రతి నెలా పక్కా.

రెండు మూడు నెలలవి కలిపి పంపడానికి కూడా ఇదే కొలత. రెండు నెలలవి, అంటే 3,000 కలిపి కౌంటర్‌లో పంపితే 71,182 రూపాయలు. నెలనెలా యాప్‌లో పంపితే రెండు నెలలకు 71,100. కలిపినందుకు మిగిలింది 82 రూపాయలు. మొదటి నెల 35,550 రూపాయలు ఒక నెల ఆలస్యంగా చేరాయి. ఆ డబ్బుతో అప్పు కొంత తీర్చి ఉంటే 711 రూపాయల వడ్డీ తగ్గేది. 82 కోసం 711 పోగొట్టుకోవడం అన్నమాట. అప్పు లేనివాళ్లకు, ఇంట్లో నెల ఖర్చుకు ఇబ్బంది లేనివాళ్లకు కలిపి పంపడం బాగానే ఉంటుంది. నీకు కాదు.

ఇల్లు నీది, నిర్ణయం నీది, కానీ స్లాబ్ కంటే ముందు ఆ అప్పు తీర్చెయ్ అంటాను నేను. లక్షన్నర తీరడానికి 6,300 దిర్హాములు చాలు. కౌంటర్‌లో పంపితే 1,50,118 రూపాయలు వస్తాయి. మిగతా 13,700 కూడా దాంతో కలిపి ఒకేసారి పంపితే ఇంకో ఫీజు, అంటే సుమారు 578 రూపాయలు మిగులుతాయి. స్లాబ్ పని ఇంకా దూరంలో ఉంటే ఆ సొమ్మును నీ పేరున, విదేశీ సంపాదన దాచుకోవడానికి ఉండే ఎన్ఆర్ఈ ఖాతా తెరిచి అందులో డిపాజిట్‌గా వేసుకో. ఆ వడ్డీ మీద ఇండియాలో ఆదాయపు పన్ను లేదు. అక్కడికి వెళ్లకముందు ఊళ్లో తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతాను నువ్వు విదేశంలో ఉంటూ అలాగే నడపకూడదు, దాన్ని విదేశంలో ఉన్నవాళ్ల ఇక్కడి డబ్బు కోసం ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చాలి. నీ భార్య ఖాతాకు పంపిన డబ్బుకు ఆమె పన్ను కట్టక్కరలేదు. కానీ దాన్ని ఆమె పేరున డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ నీ ఆదాయంలోనే కలుస్తుంది.

కౌంటర్‌కు వెళ్లే రోజు గురించి చెప్పాలి. చాలామందికి సెలవు ఆదివారమే కాబట్టి అందరూ ఆ రోజే వరుసలో నిలబడతారు. శని, ఆదివారాలు కరెన్సీ మార్కెట్ మూసి ఉంటుంది. సోమవారం రేటు ఎలా తెరుచుకుంటుందో తెలియదు కాబట్టి, పడిపోయినా తమకు నష్టం రాకుండా చాలామంది ఆ రెండు రోజులూ మార్జిన్ కాస్త పెంచి పెడతారు. 1,500కి ఐదు పైసలంటే 75 రూపాయలు, పట్టించుకోనక్కరలేదు. 20,000కి ఐదు పైసలంటే వెయ్యి. ఆ ఒక్కసారి మాత్రం పనిరోజున, ఇండియాలో మార్కెట్ తెరిచి ఉన్నప్పుడు, అంటే మీ గడియారంలో మధ్యాహ్నం రెండు లోపు వెళ్లు. బోర్డు మీద రేటు చూసి ఊరుకోకు. పెద్ద మొత్తం అని చెప్పి "ఇంకేమైనా ఇస్తారా" అని అడుగు. చాలా చోట్ల కొంచెం కలుపుతారు. 23.92 కాస్తా 23.95 అయితే నీకు దాదాపు 600 రూపాయలు. పక్క వీధిలో ఇంకో ఎక్స్ఛేంజ్ ఉంటే అక్కడి రేటు ముందే అడిగి వెళ్తే మాట ఇంకా బాగా నడుస్తుంది. ఎమిరేట్స్ ఐడీతో పాటు జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్లు. నెలకు 1,500 పంపేవాడు ఒక్కసారిగా 20,000 తెస్తే ఎక్కడిదని అడుగుతారు. అది వాళ్ల డ్యూటీ, టెన్షన్ పడకు.

ఈలోగా క్యాంపులో ఎవరో ఒకరు హుండీ మాట, అంటే బ్యాంకూ ఎక్స్ఛేంజూ లేకుండా దొంగదారిన డబ్బు పంపే మాట ఎత్తుతారు. రేటు మార్కెట్ కంటే ఎక్కువ, ఫీజు లేదు, సాయంత్రానికి ఇంట్లో డబ్బు. అది విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టానికి విరుద్ధం, ముందు అది. రెండోది, అటువైపు మీ ఇంటి ఖాతాలో డబ్బు వేసేవాడు ఎవడో నీకు తెలియదు. అది ఆన్‌లైన్ మోసంలో ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బు అయితే, పోలీసుల ఆదేశంతో బ్యాంకు మీ ఖాతాను ఆపేస్తుంది. నీకు మిగిలిన రెండు వేల కోసం నాలుగు లక్షలు కదలకుండా పడి ఉంటాయి, నీ చేతిలో రసీదు కూడా ఉండదు.

చివరగా, డబ్బు వెనక్కి తిరిగి వచ్చే సంగతి. పంపినవి చేరకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం రేటూ కాదు, కంపెనీ కూడా కాదు, తప్పు ఐఎఫ్ఎస్సీ కోడ్. ఇంట్లో ఉన్న పాత పాస్‌బుక్ మీద `ANDB`తో మొదలయ్యే కోడ్ ఉంటే అది ఇప్పుడు పనిచేయదు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, కోడ్ `UBIN`తో మొదలవుతుంది. గ్రామీణ బ్యాంకు ఖాతా అయితే ఇంకా జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలన్నీ 2025 జనవరి నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. మీ ఇంటివాళ్లను బ్యాంకుకు పంపి ఇప్పటి కోడ్ కాగితం మీద రాయించి, ఫొటో తీసి పంపమను. ఖాతాలో పేరు ఏ స్పెల్లింగ్‌తో ఉందో అదే స్పెల్లింగ్‌తో నువ్వూ నింపు, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా. తిరిగి వచ్చిన డబ్బును కొన్ని చోట్ల ఆ రోజు రేటుకు మళ్లీ దిర్హాములు చేసి ఇస్తారు, ఫీజు ఇవ్వరు. అంటే రెండుసార్లు మార్జిన్ కట్టినట్టు.

అందుకని ఈ నెల 1,500ను మొదట యాప్‌లో అదే ఖాతాకు పంపి చూడు. రూపాయలు పడ్డాక ఇంటివాళ్లకు వచ్చిన మెసేజ్‌లో ఉన్న అంకె, నీ రసీదులో ఉన్న అంకె రూపాయితో సహా ఒకటేనా అని ఫోన్‌లో అడుగు. ఒకటే అయితే మన వైపు ఎవరూ ఏమీ కోయలేదని అర్థం. తక్కువ పడితే మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ పక్కన ఏం రాసుందో ఫొటో తీయించుకో. ఆ తర్వాతి పనిరోజున, మధ్యాహ్నం రెండు లోపు, 20,000 పట్టుకుని కౌంటర్‌కు వెళ్లు.